ఫస్ట్ టైమా? పక్కన నేనుంటా! – రక్తదాన శిబిరానికి స్లోగన్లు ఎలా రాయాలి

(మా కాలేజీ సెమినార్ హాల్లో ఎన్ఎస్ఎస్ వాలంటీర్లతో, బ్లడ్ బ్యాంకులో డోనర్ మోటివేటర్‌గా పనిచేసే మేడమ్ మాట్లాడిన మాటలివి. ఆరోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చేయండి నాన్నా, ఇక్కడ రెండు బెంచీలు ఖాళీగానే ఉన్నాయి.

మీరందరూ రాసిచ్చిన స్లోగన్లు రాత్రి కూర్చుని చదివాను. బాగా రాశారు, చేతిరాత కూడా బావుంది. కానీ ఒక్కటి గమనించారా, సగానికి సగం కాగితాల్లో ఒకే మాట ఉంది. రక్తదానం మహాదానం. రక్తదానం ప్రాణదానం. రక్తదాతా సుఖీభవ. అవునా కాదా? ఇందులో తప్పేం లేదు, అన్నీ నిజాలే. నేనడిగేది ఒకటే. మీ క్లాసులో ఇప్పటిదాకా ఒక్కసారి కూడా రక్తం ఇవ్వని వాడు ఈ ముక్క చదివి కొత్తగా ఏం తెలుసుకుంటాడు? రక్తదానం మంచిదని వాడికి తెలీదా? తెలుసు. ఒకటో తరగతి నుంచీ గోడల మీద చదువుతూనే ఉన్నాడు. మంచిదని తెలిసి కూడా రావట్లేదంటే వాడు ఆగిపోయింది ఇంకెక్కడో. అది ఎక్కడో తెలుసుకోకుండా మనం స్లోగన్ రాస్తే అది ఆల్రెడీ ఇస్తున్నవాళ్లని మెచ్చుకోడానికే పనికొస్తుంది.

సరే, మిమ్మల్నే అడుగుతా. ఇప్పటిదాకా రక్తం ఇవ్వనివాళ్లు చేతులెత్తండి. మొహమాటం వద్దు. చూశారా, వాలంటీర్లలోనే ఇంతమంది ఉన్నారు. ఎందుకివ్వలేదో చెప్పండి. సూది భయం. ఇంకా? నీరసం వస్తుందని. అమ్మ తిడుతుంది. నేను సన్నగా ఉంటాను మేడమ్, నాది తీసుకోరు. ఇంకా? ఎవరూ అడగలేదు... ఇది చాలా మంచి జవాబు, దీనికి తర్వాత వస్తాను. ఇప్పుడు మీ కాగితాలు గుర్తుచేసుకోండి. వీటిలో ఒక్కదానికైనా జవాబు చెప్పిన స్లోగన్ ఉందా? లేదు కదా. అందుకని ఈరోజు మనం పెట్టుకునే రూల్ ఇదీ: మొదటిసారి వచ్చేవాళ్ల కోసం రాసే స్లోగన్ వాళ్ల మనసులో ఉన్న ఒక ప్రశ్నకి జవాబు అయ్యుండాలి. ఒక ప్రశ్న, ఒక జవాబు, అయిదారు మాటలు, బండి మీద పోతూ కూడా చదవగలగాలి. ఇంకోటి, అది నిజమై ఉండాలి. ఈ నిజం అనేది ఎంత కష్టమో ఒక ఉదాహరణ పట్టుకుని చూద్దాం.

ప్రశ్న ఏంటంటే, ఎంత తీస్తారు? మొదటిసారి వచ్చే ప్రతి ఒక్కరూ అడుగుతారు, లేకపోతే అడక్కుండా భయపడతారు. బాటిల్ నిండా తీసేస్తారంట అని హాస్టల్లో ఎవడో చెప్పుంటాడు. మీలో ఒకరు దీనికి జవాబు రాశారు, ఎవరో గానీ మంచి ఆలోచన. "నీ ఒంట్లో ఐదు లీటర్లు, మేమడిగేది గ్లాసున్నర!" చదవగానే నచ్చింది నాకు. ఎంత తీస్తారో చెప్పింది, గ్లాసు అంది కాబట్టి కళ్ల ముందు కనిపిస్తుంది. తీసేది 350 మిల్లీలీటర్లు, అంటే గ్లాసున్నర అనేది ఇంచుమించు కరెక్టే.

కానీ ఈ ఐదు లీటర్లు ఎవరి ఒంట్లో? డెబ్బై కిలోల మగమనిషి ఒంట్లో. మన శిబిరంలో కనీస బరువు 45 కిలోలు. ఆ బరువున్న అమ్మాయికి ఎంతుంటుందో లెక్కేద్దాం. కిలోకి ఇంచుమించు 65 మిల్లీలీటర్లు అనుకోండి, 45 ఇంటూ 65, మూడు లీటర్లకి కూడా కాస్త తక్కువే వస్తుంది. మరి ఆ అమ్మాయి మన పోస్టర్ చదివి ఐదు లీటర్లలో గ్లాసున్నరే కదా అనుకుని వస్తే మనం చెప్పింది ఆమె విషయంలో నిజం కాదు. ఆమెకి ప్రమాదమా అంటే కాదు, ఆ లెక్కలన్నీ చూసుకునే 45 కిలోలకి 350 అని పెట్టారు, 450 మిల్లీలీటర్ల బ్యాగు అయితే 55 కిలోలు దాటాలి. అంటే మనిషి బరువును బట్టే బ్యాగు. అసలు మనం చెప్పాల్సింది ఈ ముక్కే కదా! సన్నగా ఉన్నవాళ్ల భయం కూడా ఇదే కదా!

అందుకని నేనేం చేశానంటే ఐదు లీటర్లు కొట్టేశాను. "అడిగేది గ్లాసున్నర, అదీ నీ బరువు చూశాకే!" ఇందాకటి దానంత జిగేల్‌మనదు, ఒప్పుకుంటాను. కానీ 46 కిలోల అమ్మాయి చదివినా నిజమే, 80 కిలోల అబ్బాయి చదివినా దాదాపు నిజమే, అతని బ్యాగు కాస్త పెద్దదైతే రెండు గ్లాసులవుతుంది, అంతే. పైగా వీళ్లు ఊరికే సూది గుచ్చేసి తీసెయ్యరు, ముందు నన్ను చూస్తారు అన్న నమ్మకం ఆ రెండో సగంలో ఉంది. స్లోగన్లో ఒక్క అంకె తీసేస్తే అది అందరిదీ అయ్యింది చూడండి.

బరువు మాట వచ్చింది కాబట్టి ఇంకోటి కూడా చెప్పేస్తాను. "18 నిండాయా? 45 దాటావా? రా!" అని ఒకరు రాశారు. బయటివాళ్లు దీన్ని ఎలా చదువుతారో ఆలోచించండి. 45 దాటావా అంటే వయసనుకుంటారు! 45 ఏళ్లు దాటితేనే తీసుకుంటారేమో, లేకపోతే 18 నుంచి 45 దాకానేమో అని. కిలోలు అనే మాట పడాల్సిందే. "18 ఏళ్లు, 45 కిలోలు – ఉంటే రా!" ఇది చాలు. వయసు పైన 65 దాకా ఉంది గానీ మొదటిసారి ఇచ్చేవాళ్లయితే 60 లోపే ఉండాలి, కాలేజీ పోస్టర్ మీద ఆ గొడవ అక్కర్లేదు.

ఇప్పుడు సూది. ఇక్కడ అందరూ చేసే పని ఏంటంటే "నొప్పే ఉండదు" అని రాసేస్తారు. రాయకండి. ఎందుకంటే నొప్పి ఉంటుంది, కొంచెమే అయినా ఉంటుంది. ఆ సూది మామూలు ఇంజెక్షన్ సూది కన్నా లావు, 16 గేజ్ అంటారు, రక్తకణాలు నలిగిపోకుండా ధారగా రావాలి కాబట్టి ఆ లావు కావాలి. నొప్పుండదని చదివి వచ్చినవాడు ఆ సూదిని చూశాడనుకోండి, ఇక మనం చెప్పే ఏ మాటా నమ్మడు. ఇంకో సంగతి కూడా ఉంది, చాలామందికి తెలీదు. మొదటిసారి వచ్చినవాళ్లకి గుచ్చేది ఒక్కసారి కాదు, రెండుసార్లు. ముందు వేలి మీద చిన్నగా గుచ్చి హిమోగ్లోబిన్ చూస్తారు, ఆ తర్వాత మోచేతి మడత దగ్గర అసలు సూది. వేలికి గుచ్చగానే అయిపోయిందనుకుని ఊపిరి పీల్చుకుని, తర్వాత రెండోది చూసి బిత్తరపోతారు పాపం. అందుకని ముందే చెప్పేద్దాం.

"వేలికో చురుక్కు, చేతికో చురుక్కు – అంతే!"

చూడండి, నొప్పి లేదనలేదు. ఎన్నిసార్లో చెప్పాం, ఎక్కడో చెప్పాం, ఎంతో చెప్పాం. చురుక్కు అంటే ఎవరికి తెలీదు? భయపడేవాడికి కావాల్సింది నొప్పి లేదన్న భరోసా కాదమ్మా, ఏం జరగబోతోందో ముందే తెలియడం. ఒకసారి తెలిసిందా, చెయ్యి దానంతటదే చాపుతాడు.

ఇప్పుడు కళ్లు తిరగడం గురించి. ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే ఇక్కడ స్లోగన్ అనేది ప్రచారం మాత్రమే కాదు, నిజంగా వైద్యం చేస్తుంది. రక్తం ఇచ్చేటప్పుడో ఇచ్చాకో కొంతమందికి కళ్లు తిరుగుతాయి. ఎక్కువగా ఎవరికి? మొదటిసారి ఇచ్చేవాళ్లకి, చిన్న వయసువాళ్లకి, బరువు తక్కువున్నవాళ్లకి. అంటే ఎవరు? మనం పిలుస్తున్నవాళ్లే! కాలేజీ శిబిరం అంటేనే వీళ్లందరూ ఒకేచోట. ముందు ఆవలింతలు వస్తాయి, మొహం తెల్లబడుతుంది, నుదురు మీద చల్లటి చెమట, చెవుల్లో గుయ్‌మంటుంది. అది కనిపించగానే తల కిందికి, కాళ్లు పైకి పెట్టి పడుకోబెడితే కాసేపట్లో తేరుకుంటారు, చాలావరకు అంతకు మించి ఏమీ ఉండదు. కానీ లైన్లో ఉన్న పదిమంది అది చూశారంటే అందులో ఇంకొకరికి కూడా కళ్లు తిరుగుతాయి, మిగతావాళ్లలో కొందరు మెల్లగా జారుకుంటారు. పడిపోయినవాడు మళ్లీ వస్తాడా? చాలామంది రారు.

మరి ఎందుకు తిరుగుతాయి? రక్తం పోయిందని మాత్రమే కాదు. భయం, ఖాళీ కడుపు, నీళ్లు తాగకపోవడం, రాత్రి నిద్ర లేకపోవడం, ఇవన్నీ కలుస్తాయి. ఇందులో ఖాళీ కడుపు అనేది మన చేతుల్లో ఉంది. ఎందుకు ఖాళీ కడుపుతో వస్తారో తెలుసా? రక్త పరీక్షకి పరగడుపున వెళ్లాలి కదా, ఇది కూడా అలాంటిదే అనుకుంటారు. పాపం మంచి పిల్లలు, బుద్ధిగా టిఫిన్ మానేసి వస్తారు! అందుకని శిబిరం ముందురోజు సాయంత్రం ప్రతి క్లాసు గ్రూపులో, ప్రతి హాస్టల్ మెస్ గోడ మీద పడాల్సిన స్లోగన్ ఇదీ:

"తిని రా! తాగి రా!" ... నవ్వకండి, నాకు తెలుసు ఎందుకు నవ్వుతున్నారో. అందుకే తాగి రా అని రాయకూడదు, అసలు ముందురోజు రాత్రి పార్టీ చేసుకుని వచ్చేవాళ్లని తీసుకోరు కూడా. నీళ్లు అని స్పష్టంగా రాయండి. "టిఫిన్ తిని రా, నీళ్లు తాగి రా, రక్తం ఇచ్చి పో!" నీళ్లంటే ఒక గుక్క కాదు, ఇచ్చే ముందు అర లీటరు దాకా తాగితే కళ్లు తిరగడం తగ్గుతుందని తేలిన విషయమే. రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గరే నీళ్ల క్యాను, గ్లాసులు పెట్టి ఈ ముక్క అక్కడే అంటించండి, చదివినవాడు అక్కడే తాగాలి.

ఇంకా, మన దగ్గర శనివారం కొందరు, సోమవారం కొందరు, కార్తీకమాసం అయితే చాలామంది ఉపవాసం ఉంటారు. దాచిపెట్టి మరీ వస్తారు, పుణ్యం ఇంకాస్త ఎక్కువొస్తుందని. వాళ్ల కోసం ఒక చిన్న చీటీ. "ఒక్కపొద్దా? ఈరోజు వద్దు!" ఇంతకన్నా చిన్నది, ఇంతకన్నా మర్యాదగా ఉండేది నాకు దొరకలేదు. రంజాన్ నెలలో శిబిరం పెడితే మాత్రం స్లోగన్ కాదు, టైమే మార్చుకోవాలి, లేదా ఇంకో నెలకి జరుపుకోవాలి.

మంచం మీద పడుకున్నవాళ్లకి కూడా ఒకటి రాద్దాం. ఎవరూ ఆలోచించరు దీని గురించి, పోస్టర్లన్నీ గేటు దగ్గరే ఉంటాయి. ఆ అయిదు నుంచి పది నిమిషాలు వాడు ఎటు చూస్తాడు? ఎదురుగా ఉన్న గోడ వైపు, లేకపోతే తన చేతి వైపు. చేతి వైపు చూడకుండా ఉండాలంటే గోడ మీద ఏదైనా ఉండాలి. "కాళ్లు బిగించు, కబుర్లు చెప్పు!" ఇది ఊరికే ప్రాస కోసం రాసింది కాదు. కాళ్లు ఒకదాని మీద ఒకటి వేసుకుని తొడ కండరాలు బిగించి వదులుతూ ఉంటే కాళ్లలో నిలిచే రక్తం పైకి వస్తుంది, బీపీ పడిపోకుండా ఉంటుంది, కళ్లు తిరగడం తగ్గుతుంది. కబుర్లు చెప్తే దృష్టి మళ్లుతుంది. అయితే పక్కన కబుర్లు వినే మనిషి ఉండాలి, ఆ మనిషి మీరే.

నీరసం గురించి రెండు మాటలు. "ఏమీ కాదు, వెంటనే మామూలే" అని రాయకండి. బ్యాగులోకి పోయిన నీటి భాగం ఒకటి రెండు రోజుల్లో ఒంట్లో మళ్లీ చేరిపోతుంది, ఎర్రకణాలు పూర్తిగా తయారవడానికి వారాలు పడుతుంది, అందుకే మగవాళ్లకి 90 రోజులు, ఆడవాళ్లకి 120 రోజులు గ్యాప్ పెట్టారు. మామూలు మనిషి ఆరోజు క్లాసులకి వెళ్లొచ్చు, చదువుకోవచ్చు. కానీ జిమ్ము, క్రికెట్టు, బరువులు ఎత్తడం ఆరోజుకి వద్దు. "క్లాసుకి ఓకే, జిమ్ముకి రేపు!" ఇది బిస్కెట్లు, జ్యూస్ ఇచ్చే టేబుల్ మీద పెట్టండి. అక్కడ కనీసం పావుగంట కూర్చోబెట్టండి, ఇవ్వగానే బండి తీసి వెళ్లిపోనివ్వకండి, కళ్లు తిరగడం ఒక్కోసారి కాస్త ఆలస్యంగా వస్తుంది, బండి మీద వస్తే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు రాయకూడనివి. మీ కాగితాల్లో నేను ఎర్ర పెన్నుతో కొట్టేసినవి కొన్ని ఉన్నాయి, ఎందుకు కొట్టేశానో చెప్పాలి కదా.

ఒకటి. "రక్తం ఇవ్వండి, ఫ్రీగా హెచ్ఐవీ టెస్ట్ చేయించుకోండి." రాసినవాళ్లు మంచి ఉద్దేశంతోనే రాశారు. నిజమే, ఇచ్చిన ప్రతి బ్యాగుకీ హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తారు. కానీ ఈ స్లోగన్ చదివి ఎవరొస్తారో ఆలోచించండి. తనకి ఏమైనా అంటుకుందేమో అని అనుమానం ఉన్నవాడు వస్తాడు. పోయిన వారం ఏదో జరిగింది, డాక్టర్ దగ్గరికి వెళ్లాలంటే సిగ్గు, ఇక్కడైతే ఎవరికీ తెలీకుండా టెస్ట్ అయిపోతుంది అని. వైరస్ ఒంట్లోకి వచ్చిన కొత్తలో కొన్ని రోజులు ఏ పరీక్షకీ దొరకదు, దాన్నే విండో పీరియడ్ అంటారు. ఎంత మంచి పరీక్ష పెట్టినా ఆ రోజులు తగ్గుతాయి గానీ సున్నా అవ్వవు. ఆ రోజుల్లో ఇచ్చిన రక్తం పరీక్షలో పాసైపోయి ఎవరికి ఎక్కుతుంది? రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించుకుంటేనే బతికే తలసీమియా పిల్లలు ఉన్నారు, వాళ్లకి ఎక్కొచ్చు. అంటే మన స్లోగనే ఆ బ్యాగుని అక్కడికి పిలిచినట్టు. టెస్ట్ కావాల్సినవాళ్లకి ప్రభుత్వాసుపత్రుల్లో హెచ్ఐవీకి సలహా ఇచ్చి పరీక్ష చేసే ఐసీటీసీ సెంటర్లు ఉన్నాయి, ఉచితం, ఎవరికీ చెప్పరు. శిబిరంలో ఒక బోర్డు పెట్టండి కావాలంటే: "అనుమానం ఉందా? రక్తం వద్దు, ఐసీటీసీకి వెళ్లు!" ఇది భయపెట్టినట్టు ఉండకూడదు, అమ్మలా చెప్పినట్టు ఉండాలి, అడ్రస్ కింద రాయండి.

రెండోది. "మగాడివైతే రా", "రాని వాడు పిరికివాడు", ఇలాంటివి. ఫ్రెండ్స్ గుంపులో ఇది పనిచేస్తుంది, అదే దీనితో సమస్య. నలుగురి ముందు పౌరుషానికి పోయి వచ్చినవాడు రక్తం ఇచ్చే ముందు నింపే ఫామ్‌లో ఉన్న ప్రశ్నలకి నిజం చెప్తాడా? ఈ ఏడాదిలో టాటూ వేయించుకున్నావా అంటే, ఆర్నెల్ల కిందటే వేయించుకున్నా లేదు అంటాడు, అవునంటే ఏడాది నిండేదాకా ఆగాలి కాబట్టి. జ్వరం వచ్చిందా, లేదు. మందులేమైనా వాడుతున్నావా, లేదు. ఎందుకంటే వెనక్కి వెళ్తే ఫ్రెండ్స్ నవ్వుతారు. ఆ ఫామ్ మీద నిజం రావడమే ఎక్కించుకునేవాళ్లకి మొదటి కాపలా, పరీక్షలు ఆ తర్వాతే. ఒత్తిడి చేసి తెచ్చిన రక్తం కన్నా రాని రక్తం మేలు, నేను గట్టిగా చెప్తున్నాను. డబ్బులకి రక్తం అమ్ముకునేవాళ్ల దగ్గర కొనడం ఎందుకు ఆపేశారు? 1996లో సుప్రీంకోర్టు చెప్పింది, 1998 జనవరి నుంచి దేశమంతా ఆపేశారు. డబ్బు అవసరంలో ఉన్నవాడు నిజం దాస్తాడు కాబట్టే. పౌరుషం కూడా అదే పని చేయిస్తుంది.

మూడోది "ఒక్క బ్యాగు, ముగ్గురి ప్రాణాలు". ఇది అందరికీ ఇష్టం, నాకూ ఇష్టమే. బ్యాగులో రక్తాన్ని ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు, ప్లాస్మాగా విడదీస్తారు కాబట్టి ముగ్గురికి వాడొచ్చు అన్నది దీని వెనక లెక్క. కానీ ప్రతి బ్యాగు నుంచీ మూడూ తీయరు, తీసినవన్నీ వాడటమూ జరగదు, విడదీసే యూనిట్ ప్రతి బ్లడ్ బ్యాంకులోనూ ఉండదు. పూర్తిగా కొట్టేయలేదు, "దాకా" అని చేర్చాను. "ఒక్క బ్యాగు – ముగ్గురి దాకా సాయం!"

ఇప్పుడు అమ్మాయిలు వినండి. "అమ్మాయిలూ ముందుకు రండి" అని మంచి పోస్టర్ వేశారు, వస్తారు కూడా. తర్వాత ఏమవుతుంది? వేలి మీంచి తీసిన చుక్కని కొన్నిచోట్ల నీలం రంగు నీళ్లలో వేస్తారు, అది మైలుతుత్తం ద్రావణం, చుక్క గబగబా మునిగిపోతే హిమోగ్లోబిన్ కనీసం 12.5 ఉన్నట్టు, తేలితే తక్కువ. కొన్నిచోట్ల చిన్న మెషీన్‌లో అంకె కనిపిస్తుంది. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తోంది. రక్తహీనత అనడానికి గీత 12 దగ్గరుంది, రక్తం ఇవ్వడానికి గీత 12.5 దగ్గరుంది. అంటే ధైర్యం చేసి వచ్చిన అమ్మాయిల్లో చాలామందికి ఆ టేబుల్ దగ్గరే వద్దమ్మా అని చెప్పాల్సి వస్తుంది. పోస్టర్ చూసి, ఇంట్లో ఒప్పించి, భయం దాటుకుని వస్తే, నలుగురిలో వెనక్కి పంపేశారు. ఆ అమ్మాయి మళ్లీ వస్తుందా?

అందుకే వెనక్కి వెళ్లేవాళ్ల కోసం కూడా స్లోగన్ ఉండాలి. అసలు నన్నడిగితే అది ముందు రాయాలి, గేటు దగ్గరది తర్వాత. "వద్దన్నారా? ఎప్పుడు రావాలో అడుగు!" చూడండి, ఇది ఓదార్పు మాట కాదు, పని చెప్పే మాట. ఎందుకంటే మనల్ని ఆపే కారణాల్లో ఎక్కువ శాతం కొన్నాళ్లకే. పీరియడ్స్ అయితే ఆ నాలుగు రోజులు అయ్యేదాకా. మలేరియా వచ్చి తగ్గితే మూడు నెలలు. టాటూకి ఏడాది. హిమోగ్లోబిన్ తక్కువైతే డాక్టర్‌కి చూపించుకుని, ఐరన్ మాత్రలు చెప్తే వాడి, మళ్లీ పరీక్ష చేయించుకున్నాక. చిన్న కాగితం మీద ఆ తేదీ రాసి చేతిలో పెట్టండి, జ్యూస్ వాళ్లకి కూడా ఇవ్వండి, వచ్చారు కదా.

ఇందాక ఒకబ్బాయి ఎవరూ అడగలేదు అన్నాడు, గుర్తుందా? దానికి వస్తాను. ఇన్నేళ్లలో మొదటిసారి ఇచ్చినవాళ్లని నేను అడుగుతూనే ఉంటాను, ఎందుకొచ్చావు నాన్నా అని. పోస్టర్ చూసి అని చెప్పేవాళ్లు తక్కువ. ఫ్రెండ్ తీసుకొచ్చాడు, అక్క రమ్మంది, మా సర్ అడిగారు, ఇవే ఎక్కువ వింటాను. అందుకని అన్నింటికన్నా బలమైన స్లోగన్ గోడ మీద ఉండేది కాదు, మనిషి చొక్కా మీద ఉండేది. బ్యాడ్జి చేయించండి, పెద్ద అక్షరాలతో.

"ఫస్ట్ టైమా? పక్కన నేనుంటా!"

దీన్ని ఎవరు పెట్టుకోవాలి? ముందు ఒక్కసారైనా ఇచ్చినవాళ్లే. ఇవ్వనివాళ్లు పెట్టుకుంటే, రక్తం ఇస్తే ఎలా ఉంటుంది అని కొత్తవాళ్లు అడిగినప్పుడు ఏం చెప్తారు? ఇది పెట్టుకున్నారంటే మాటిచ్చినట్టే. ఫామ్ నింపేటప్పుడు కాస్త దూరంగా నిలబడాలి, ఎందుకంటే ఆ ప్రశ్నలు ప్రైవేటు, పక్కన ఫ్రెండ్ చూస్తుంటే నిజం రాయలేరు. మంచం దగ్గర మాత్రం పక్కనే కూర్చోవాలి. జ్యూస్ తాగి లేచేదాకా వదలకూడదు. ఒక్కొక్కరు ఒకసారి ఒక్కరినే చూసుకోవాలి, ముగ్గురికి ఒకరు అంటే కుదరదు. అంతమంది లేరా? బ్యాడ్జిలు తక్కువ చేయించండి, ఒక గంటలో తక్కువమందిని పిలవండి.

ఏదో అడుగుతున్నావమ్మా, చెప్పు. హీరో పుట్టినరోజుకి శిబిరం పెడితే ఎక్కువమంది వస్తారు కదా మేడమ్, పోస్టర్ మీద హీరో ఫోటో వెయ్యొచ్చా అంటోంది. మంచి ప్రశ్న. వస్తారు, నిజమే, మన తెలుగు రాష్ట్రాల్లో అభిమానులు ఇచ్చే రక్తం తక్కువేం కాదు, వాళ్లంటే నాకు గౌరవం. కానీ ఒకే రోజు ఊరంతా ఇచ్చేస్తే ఏమవుతుందో చూడు. ఎర్రకణాలు బ్యాగులో కలిపే ద్రావణాన్ని బట్టి 35 రోజులో 42 రోజులో ఉంటాయి. ప్లేట్‌లెట్లు అయిదు రోజులే. ఆ తర్వాత పారేయాల్సిందే. మరోపక్క ఏప్రిల్, మే నెలల్లో కాలేజీలకి సెలవులు, శిబిరాలు ఉండవు, అప్పుడు బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్‌లో అరలు ఖాళీగా కనిపిస్తాయి, తలసీమియా పిల్లలకి మాత్రం వేసవి సెలవులు లేవు. అందుకని ఫోటో వేసుకోండి, కానీ తేదీ గురించి ముందు బ్లడ్ బ్యాంకువాళ్లని అడగండి, వాళ్లు మీకు ఎన్ని బ్యాగులు చాలో కూడా చెప్తారు. అందరూ ఒకే రోజు ఇవ్వకుండా సగంమంది పేర్లు రాసుకుని, అలా రక్తం తక్కువగా ఉండే నెలలో పిలిస్తే ఇంకా మంచిది. అలాంటప్పుడు స్లోగన్ కూడా మారుతుంది. "పేరు ఈరోజు, రక్తం మే నెలలో!" అని.

ఇంకో చిన్న పని ఉంది, ఇది మీ సెక్రటరీ రాసుకోవాలి. ఈ శిబిరంలో మొదటిసారి ఇచ్చినవాళ్ల లిస్టు విడిగా పెట్టండి, పక్కన తేదీ వేయండి, అబ్బాయిలకి మూడు నెలలు, అమ్మాయిలకి నాలుగు నెలలు. ఆ తేదీ దాటాక వాళ్ల ఫోన్‌కి ఒక్క మెసేజ్, అదీ బ్యాడ్జి పెట్టుకుని పక్కన కూర్చున్నవాళ్లే పంపాలి, గ్రూపులో కాదు. "గ్యాప్ అయిపోయింది, ఈసారి పక్కన నువ్వుంటావా?" అని. రెండోసారి వచ్చినప్పుడు వాళ్లకీ ఒక బ్యాడ్జి ఇవ్వండి. సరే, ఇప్పుడు మీ కాగితాలు వెనక్కి ఇచ్చేస్తాను, ఎర్ర పెన్ను గీతలున్నవాళ్లు బాధపడకండి, ఇంకో పది నిమిషాలు కూర్చుని ఒక్కొక్కరు ఒక్క ప్రశ్న పట్టుకుని మళ్లీ రాయండి, నేను ఇక్కడే ఉంటాను.